బండకిందపాలెం తొమ్మిదిమంది

ఆనందమ్మ ఉత్తరాలు ఆత్మకూరు బస్సులో శుక్రవారం శుక్రవారం వచ్చేవి. ఉదయగిరి పోస్టాఫీసు అరుగు మీద సంచి విప్పే వేళకు వెంగయ్య అక్కడ నిలబడి ఉండేవాడు. ఏ ఊళ్ళో పని ఉన్నా శుక్రవారం మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. ఆ ఉత్తరాల్లో పెద్ద విశేషాలేమీ ఉండవు. బడిలో ఏ పిల్లకు దగ్గు వచ్చిందో, అమ్మ ఏం కూర వండిందో, పొట్టలో బిడ్డ ఏ పూట ఎక్కువ కదిలిందో రాసేది. చివర ఎప్పుడూ ఒకే మాట: "మీరు దగ్గర ఉంటే బాగుండు."

వెంగయ్య జిల్లా బోర్డు టీకాల ఉద్యోగి. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. భార్య ఆత్మకూరు బోర్డు స్కూల్లో టీచరు, తల్లితో కలిసి అక్కడే ఉండేది. అతను ఉదయగిరిలో ఒక అద్దె గదిలో ఉండేవాడు. మధ్యలో ముప్పై మైళ్ళు, రోజుకొక్క బస్సు. ఈ రెండేళ్ళలో ఇద్దరూ కలిసి ఉన్న రోజులు లెక్కపెడితే మూడు నెలలు కూడా రావు.

అలాంటిది 1952 మార్చిలో ఒక ఆశ పుట్టింది. ఆత్మకూరులో టీకాలు వేసే పెద్దాయన పని మానుకుంటున్నాడు. నెలాఖరుకి ఆ చోటు ఖాళీ అవుతుంది. హెల్త్ ఇన్‌స్పెక్టరు రామనారాయణ ముందే మాట ఇచ్చాడు.

"నీ టీకాల రౌండు పూర్తి చేసి కాగితం నా చేతిలో పెట్టు. నీ పేరే రాస్తాను. బిడ్డ పుట్టేనాటికి ఇంటి దగ్గర ఉంటావు."

ఆ మాట విన్న రోజు నుంచి వెంగయ్య నడక మారిపోయింది. తెల్లవారకముందే లేచి, మందు గొట్టాల డబ్బాను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టుకుని బయలుదేరేవాడు. ఆ రౌండుకు అతని పుస్తకంలో రెండు వందల పన్నెండు పేర్లున్నాయి. ఒక్కసారి కూడా టీకా పడని పిల్లలు, పడినట్టు మచ్చ లేని పెద్దలు. జబ్బ మీద సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, మందు చుక్క పెట్టి, గీత గీసి, ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళి ఆ చోట పొక్కు లేచిందా లేదా చూసుకోవాలి. పొక్కు లేస్తేనే టీకా పట్టినట్టు. లేవకపోతే గీత గీసినా గీయనట్టే.

మార్చి మూడో వారానికి రెండు వందల మూడు మందికి పట్టింది. మిగిలింది తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ బండకిందపాలెం వాళ్ళే.

కొండకు పడమటగా, ఎనిమిది మైళ్ళ దూరంలో ఉండేదా పాలెం. నాలుగు గుడిసెలు, ముళ్ళకంపతో వేసిన మేకల దొడ్లు. వెంగయ్య వెళ్ళేసరికి మూడు గుడిసెలకు తడికెలు కట్టేసి ఉన్నాయి. నాలుగో గుడిసె ముందు కోటమ్మ అనే ముసలామె కూర్చుని చింతగింజలు ఏరుతోంది. మొహం నిండా పాత మచ్చలు. చిన్నప్పుడే అమ్మవారు పోసి బతికిన మనిషి. ఆమెకు టీకా అక్కర్లేదు.

"యాడికి పోయినారు అవ్వా అందరూ?"

"మేత యాడ ఉండాది నాయనా ఇక్కడ? మేకల్ని తోలుకుని కొండెక్కి అవతలికి పోయినారు. పిల్లాజెల్లా అందరూ. ఉగాది దాటినాక వస్తారు."

"నేరుగా కొండకే పోయినారా?"

"నేరుగా ఎందుకు పోతారు? వరికుంటపాడు సంతలో రెండు మేకపోతుల్ని అమ్ముకుని అటునుంచి అటే పోయినారు."

వెంగయ్య కుండ కింద పెట్టి అక్కడే కూర్చుండిపోయాడు. వరికుంటపాడు అవతల ఒక ఊళ్ళో ఇద్దరికి మశూచి పోసిందని పదిరోజుల కింద కబురు వచ్చింది. ఆ ఊరి జనం కూడా ఆ సంతకే వస్తారు.

కోటమ్మ అతని మొహం చూసింది. "ఏంది నాయనా, అట్టా అయిపోయినావు?"

"ఏం లేదవ్వా. వాళ్ళు వచ్చినాక నాకు కబురు చెయ్యి."

తిరిగి నడుస్తుంటే వెంగయ్య మనసులో లెక్క ఒకటే తిరిగింది. రెండు వందల పన్నెండులో తొమ్మిది. నూటికి నాలుగు. ఇంతకంటే బాగా చేసిన రౌండు అతని కింద ఉన్న ఈ ఊళ్ళ ఫిర్కాలో ఎప్పుడూ లేదు. పోయిన ఏడు పదకొండు మంది మిగిలితే 'పూర్తి' అని రాశాడు. ఇన్‌స్పెక్టరు సంతకం చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

గదికి వచ్చి కాగితం తీశాడు. ఊళ్ళు, పేర్లు, పట్టినవి, పట్టనివి అన్నీ నింపాడు. అట్టడుగున ఒక గడి మిగిలింది. అందులో రౌండు 'పూర్తి' అని గానీ, 'విఫలం, తిరిగి చేయాలి' అని గానీ రాయాలి. మధ్య మాట లేదు. 'పూర్తి' అంటే పుస్తకం మూసేస్తారు, మిగిలిన పేర్లు వచ్చే శీతాకాలం రౌండులోకి పోతాయి. 'విఫలం' అంటే మళ్ళీ మందు తెప్పించాలి, మిగిలినవాళ్ళకు టీకా పట్టేదాకా టీకాలవాడు ఫిర్కా దాటి పోకూడదు.

కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆత్మకూరు ఇంట్లో వాకిలి పక్క గది అతనికి కళ్ళకు కట్టింది. ఆనందమ్మ కాళ్ళు వాచాయని రాసింది. ఆ కాళ్ళు ఒత్తాలని ఉంది. ఆమె పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, బడిపిల్లల పలకలు దిద్దుతుంటే చూడాలని ఉంది. ఇంతకంటే గొప్ప కోరికలేమీ లేవు అతనికి. గడి ఖాళీగా వదిలేసి కాగితం మడిచాడు.

గురువారం రామనారాయణ వచ్చాడు. ట్రావెలర్స్ బంగళా వరండాలో కుర్చీ వేసుకుని కాగితం చదివాడు. మనిషి మాట కరుకు, పని తెలిసినవాడు. చదువుతుంటే మొహం విప్పారింది.

"రెండు వందల మూడు! శభాష్. మరి ఈ గడి ఎందుకు వదిలిపెట్టినావు?"

"ఏం రాయాలో తోచలేదు సార్."

"తోచకపోవడానికేం ఉండాది? పూర్తి అని రాయి."

వెంగయ్య బండకిందపాలెం సంగతి చెప్పాడు. సంత మాట కూడా చెప్పాడు. రామనారాయణ విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదిగో చూడు. పని అన్నాక కొంత మిగులుతాది. చచ్చినవాళ్ళు, వలసపోయినవాళ్ళు, తలుపులు వేసుకున్నవాళ్ళు. నూటికి నలుగురు మిగిలినందుకల్లా విఫలం అని రాసుకుంటూ పోతే ఈ జిల్లాలో ఒక్క రౌండు కూడా పూర్తికాదు. అప్పుడు ఆ మాటకు విలువేముండాది? నిజంగా చెడిపోయిన రౌండును ఏమని రాస్తావు? పైవాళ్ళు నూటికి తొంభై దాటితే పూర్తి అన్నారు. నీది తొంభై ఐదు దాటింది."

అతను చెప్పింది తప్పు కాదని వెంగయ్యకు తెలుసు. అదే కష్టమైంది.

"పోయిన ఏడు పదకొండు మంది మిగిలితే నేనే పూర్తి అని రాసినాను సార్. ఈసారీ రాసేవాణ్ణే, ఈ తొమ్మిదిమంది తొమ్మిది ఊళ్ళలో ఉండుంటే. అప్పుడు పదకొండు మందీ పదకొండు చోట్ల ఉన్నారు. ఒక్కొక్కరి చుట్టూ టీకా పడినవాళ్ళే. రోగం ఒకరికి సోకినా పక్కన పాకడానికి తావు లేదు. ఈ తొమ్మిదిమంది ఒకే చోట ఉండారు. మొత్తం ఫిర్కాలో నూటికి నాలుగు. ఆ పాలెంలో చూస్తే, ముసలామెను తీసేస్తే, నూటికి నూరు మిగిలినారు. మనం ఆ పాలెం మొహమే చూడనట్టు."

"చూసినావు గదా. పోయి వచ్చినావు. వాళ్ళు లేకపోతే నువ్వేం చేస్తావు?"

"తప్పు నాదని అనటంలా సార్. చెరువు కట్ట రెండు వందల గజాలు గట్టిగా ఉండి, నాలుగు గజాలు తెగితే, కట్ట చాలావరకు నిలిచిందని రాస్తామా? తెంచింది ఎవురైనా నీళ్ళు పోయేది పోతాయి."

"చెరువు సంగతి వేరే." రామనారాయణ విసుక్కున్నాడు. "చెదురుమదురుగా మిగిలితే పూర్తి, కుప్పగా మిగిలితే విఫలం అంటావు. ఆ మాట ఏ సర్క్యులర్‌లో ఉండాది?"

"లేదు సార్."

"ఆత్మకూరు ఖాళీ ముప్పై ఒకటో తేదీకి నింపాలి. విఫలం అని రాస్తే నిన్ను కదిలించే అధికారం నాకు లేదు. ఇంకో టీకాలవాడు చంద్రశేఖర్ ఆ చోటే అడుగుతుండాడు, అతన్ని పంపాల్సి వస్తాది. నువ్వు పూర్తి అని రాస్తే, నీ తర్వాత వచ్చేవాడు ఈ తొమ్మిదిమందిని చూసుకుంటాడు."

"ఆయన ఎప్పుడు వస్తాడు సార్?"

రామనారాయణ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "జూన్లో."

వెంగయ్య కాగితం మీది ఖాళీ గడి వైపు చూశాడు. తర్వాత రామనారాయణే అన్నాడు. "పోయి టీ తాగి రా. వచ్చి ఏదో ఒకటి రాయి. నేను మార్చను."

వెంగయ్య టీ అంగడి దాకా పోలేదు. బజారులో ఆత్మకూరు బస్సు బయలుదేరబోతూ ఉంది. కండక్టరు పైన మూటలు కడుతున్నాడు. కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా కనిపించింది. ఆ సీట్లో కూర్చుంటే మధ్యాహ్నానికల్లా ఆనందమ్మ ముందు ఉంటాడు. 'పూర్తి' అని రాస్తే నెలాఖరు తర్వాత తిరిగి రావలసిన పని కూడా ఉండదు. బస్సు కదిలి, మలుపు తిరిగి, దుమ్ము అణిగేదాకా నిలబడి చూశాడు. పాలెం పిల్లలూ పెద్దలూ కొండ అవతలి నుంచి దిగి వచ్చే రోజు మనసులో మెదిలింది. ఆ రోజుకు ఇక్కడ మందు కుండ పట్టుకున్న మనిషి లేకపోతే, 'పూర్తి' అనే మాట ఎవరికి పూర్తి?

తిరిగి వరండాకు వచ్చి, నిలబడే రాశాడు: 'విఫలం, తిరిగి చేయాలి. బండకిందపాలెంలో ఒక్కరికీ పడలేదు.'

రామనారాయణ చదివి సంతకం చేశాడు. "మొండోడివి" అన్నాడు.

ఆ సాయంత్రం వెంగయ్య భార్యకు ఉత్తరం రాశాడు. జరిగింది జరిగినట్టు రాశాడు. తరువాతి శుక్రవారం సంచిలో అతని పేరున ఏమీ రాలేదు. ఆ పై శుక్రవారం కూడా రాలేదు. మూడో శుక్రవారం ఒక కార్డు వచ్చింది. "చంద్రశేఖర్ గారు పనిలో చేరారు. మన వీధిలోనే ఇల్లు తీసుకున్నారు. నేను బాగున్నాను." చివర ఎప్పుడూ ఉండే మాట లేదు. దాని చోట తెల్లకాగితం మిగిలి ఉంది. వెంగయ్య ఆ ఖాళీ వంక చాలాసేపు చూశాడు.

ఏప్రిల్ రెండో వారంలో మేకలవాళ్ళు దిగి వచ్చారు. కోటమ్మ మనవడి చేత కబురు పంపింది. వెంగయ్య కొత్త మందు తీసుకుని పరుగున వెళ్ళాడు. అందరూ బాగానే ఉన్నారు. ఒకరిద్దరు ఆడవాళ్ళు పిల్లల్ని దాచబోతే కోటమ్మ కేకలేసింది.

"నా మొహం చూడండే! ఈ మచ్చలు మీ పిల్లలకు కావాల్నా? నా ఇద్దరు చెల్లెళ్ళకు మచ్చలు కూడా మిగల్లా, వాళ్ళే మిగల్లా."

తొమ్మిదిమందికీ గీతలు పడ్డాయి. ఎనిమిదో రోజున వెళ్ళి చూస్తే అయిదుగురి జబ్బల మీద ముత్యాల్లాంటి పొక్కులు. నలుగురివి ఉత్త గీతలు, ఎండి చెక్కు కట్టి ఉన్నాయి. ఆ ఎండలో ఎనిమిది మైళ్ళు నడిచేసరికి ఒక గొట్టంలో మందు చచ్చిపోయింది. ఆ నలుగురూ చిన్నపిల్లలే.

ఇప్పుడు కూడా తొమ్మిదిమందికీ వేశానని రాయవచ్చు. అబద్ధం కాదు. వేశాడు. కానీ వేయడం వేరు, పట్టడం వేరు. వెంగయ్య మళ్ళీ మందు కోసం రాశాడు.

ఏప్రిల్ ఇరవై ఆరు, శనివారం. పోస్టాఫీసులో ఒకేసారి రెండు వచ్చాయి. ఒకటి మందు డబ్బా. రెండోది అత్తగారి కార్డు. గురువారం తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం, ఆనందమ్మ మిమ్మల్ని అడుగుతోంది.

పోస్టుమాస్టరు నవ్వుతూ అన్నాడు. "ఇంకేంది వెంగయ్యా, బస్సు ఇంకా పోలా. ఎక్కేసెయ్."

మందు డబ్బా చేతిలో చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆ ఎండల్లో రేపటిదాకా ఉంటుందో లేదో. ఆత్మకూరు పోయి సోమవారం వచ్చేసరికి అది ఉత్త నీళ్ళు. మళ్ళీ తెప్పించాలంటే ఇంకో పదిరోజులు. వెంగయ్య కార్డును చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సు వైపు చూడకుండా గదికి పోయి, కుండకు తడిగుడ్డ చుట్టి, మేకలవాళ్ళ దోవ పట్టాడు. సగం దూరం పోయాక ఒక చెట్టు నీడన ఆగి గుడ్డ మళ్ళీ తడిపాడు. అప్పుడు ఏడ్చాడు. ఆ దోవలో చూసేవాళ్ళెవరూ లేరు.

కోటమ్మకు మాత్రం చెప్పాడు, కూతురు పుట్టిందని.

ఆమె అతని వంక వింతగా చూసింది. "మరి ఇక్కడ ఏం చేస్తుండావురా నాయనా?"

"ఈ నలుగురికీ పట్టలేదవ్వా."

కోటమ్మ లేచింది. నలుగురు పిల్లల్నీ తనే పట్టుకొచ్చి, తన ఒళ్ళో ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని జబ్బలు చాపించింది.

పట్టిందో లేదో తేలేదాకా ఫిర్కా దాటకూడదు గనక వెంగయ్య ఉదయగిరిలోనే ఉండిపోయాడు. మే నాలుగో తేదీన నాలుగు జబ్బల మీదా పొక్కులు లేచాయి. ఆ మధ్యాహ్నమే వెంగయ్య 'పూర్తి' అని రాసి పోస్టులో వేసి, మర్నాటి బస్సెక్కాడు.

ఆత్మకూరు ఇంట్లో ఆనందమ్మ నులకమంచం మీద బిడ్డను పక్కన వేసుకుని పడుకుని ఉంది. సన్నబడింది. అతన్ని చూసి లేవబోయింది. అతను వద్దన్నాడు. బిడ్డ పిడికిళ్ళు మూసి నిద్రపోతోంది. పదకొండు రోజుల బిడ్డ. అతను వంగి చూస్తుంటే ఆనందమ్మ అతని మొహమే చూస్తూ ఉంది.

"రెండు వారాలు నాకు ఉత్తరం రాయలేదు నువ్వు" అన్నాడు చివరికి.

"ఏం రాసేది? రాస్తే, పూర్తి అని రాసి వచ్చెయ్యమని రాసుండేదాన్ని. అందుకని రాయలేదు." బిడ్డ మీద గుడ్డ సర్దింది. "నిజం చెప్పేదా? మీరు అట్టా రాసి వచ్చేసి ఉంటే నేను అడిగేదాన్ని కాదు. మిగిలింది ఎవరని ఎప్పటికీ అడిగేదాన్ని కాదు. మీరు ఇక్కడ ఉన్నారు, అంతే చాలనుకునేదాన్ని."

"నాకు తెలుసు."

"నొప్పులు వచ్చినప్పుడు మిమ్మల్ని తిట్టినాను."

"తిట్టు."

ఆమె నవ్వబోయి, ఏడ్చి, అతని చెయ్యి పట్టుకుంది. వారం రోజుల సెలవు. ఆ ఏడు రోజులూ అతను కాళ్ళు ఒత్తాడు, నీళ్ళు కాచాడు, బిడ్డను ఎత్తుకుని వాకిట్లో తిప్పాడు. ఎనిమిదో రోజున ఉదయగిరి బస్సు ఎక్కాడు. ఆనందమ్మ గుమ్మం దాకా వచ్చింది గానీ వీధిలోకి రాలేదు.

ఆ వేసవిలో వరికుంటపాడు వైపు మశూచి బాగానే తిరిగింది. బండకిందపాలెంలో ఎవరికీ సోకలేదు. టీకా వల్ల సోకలేదో, అసలు ఆ దిక్కుకే రాలేదో, ఎవరు చెప్పగలరు? ఉదయగిరి వచ్చినప్పుడు రామనారాయణే ఆ మాట అన్నాడు. "నువ్వు వేసినందుకే రాలేదని మాత్రం అనుకోబాక."

"అనుకోవడంలా సార్."

కానీ ఆ శీతాకాలం నుంచి ఏ ఫిర్కా టీకాలవాడు కాగితం తెచ్చినా రామనారాయణ ఎంతమంది మిగిలారని ముందుగా అడగడం మానేశాడు. మిగిలినవాళ్ళు ఒకే చోట ఉన్నారా, వేర్వేరు చోట్ల ఉన్నారా అని అడిగేవాడు. ఒకే చోట అంటే కాగితం వెనక్కి ఇచ్చేసేవాడు. ఏ సర్క్యులరూ రాలేదు. వెంగయ్య పేరు కూడా ఎక్కడా ఎత్తలేదు.

బిడ్డకు మూడు నెలలు నిండినప్పుడు ఆనందమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. చంద్రశేఖర్ గారు వచ్చి పాపకు టీకా వేశారు, గట్టిగా ఏడ్చింది, ఎనిమిదో రోజున మళ్ళీ వచ్చి చూసి పట్టిందన్నారు, అని రాసింది. ఊరి పిల్లలందరి జబ్బలూ పట్టుకున్న చేతులతో వెంగయ్య ఆ కాగితాన్ని పట్టుకుని అరుగు మీదే కూర్చున్నాడు. పొక్కు ఎంత ఉందో, ఏ జబ్బ మీద వేశాడో ఆమె రాయలేదు. కుడిదా, ఎడమదా అని ఆ పూటే కార్డు రాసి పోస్టులో వేశాడు. జవాబు వచ్చే శుక్రవారానికి ఇంకా ఏడు రోజులుంది.